స్టాప్ తర్వాత ఏమొస్తుంది

రాయదుర్గంలో మందుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే నరేంద్ర సార్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ‘తప్పు లేని ఇంగ్లీష్‌కు గ్యారంటీ’ అని రాసి ఉంటుంది. ఊళ్లో ఆ మాటను ఎవరూ శంకించలేదు. శంకించాలంటే ఇంగ్లీష్ రావాలి. వచ్చిన కొద్దిమందీ ఆ మెట్లెక్కి దిగినవాళ్లే.

నరేంద్ర పేరు నిలిచింది అతని రూళ్ల వల్ల. వ్యాకరణం పుస్తకాల్లో పేజీలకు పేజీలు సాగదీసిన సంగతిని అతను ఒక్క వాక్యంలోకి కుదించేవాడు. “రూలు పొడుగైతే పుస్తకంలో ఉంటాది, పొట్టిదైతే తలకాయలో ఉంటాది” అనేవాడు. ఆ రూళ్లలో అందరికీ నోటికొచ్చినది తోక రూలు. “స్టాప్, రిమెంబర్, ట్రై. ఈ ముగ్గురూ అన్నదమ్ములు. వీళ్ల ఎనకాల ఏ క్రియ వచ్చినా కండ్లు మూసుకోని తోక తగిలించండి. ఇంగ్, ఇంగ్, ఇంగ్!” పిల్లలు బల్లలు చరుస్తూ మూడుసార్లూ అనేవాళ్లు. పోటీ పరీక్షల బిట్లలో చాలాసార్లు ఆ తోకే సరైన జవాబు అయ్యేది. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

అనుమానం రావాల్సింది ఒక్కరికే, అది నరేంద్రకే. బీఎడ్ చదివేటప్పుడు ఒక లావుపాటి గ్రామర్ పుస్తకంలో అతను ఆ సంగతి చదివాడు. ఈ మూడు క్రియల వెనక ‘ఇంగ్’ రావచ్చు, ‘టు’ కూడా రావచ్చు, ఏది వస్తే దాన్నిబట్టి అర్థం మారిపోతుంది అని అక్కడ స్పష్టంగా ఉంది. రెండు పేజీల ఉదాహరణలు. పొట్టి రూలుకు అవి అడ్డం. వదిలేశాడు. వదిలేసి చాలా ఏళ్లయ్యేసరికి తన రూలే పూర్తి రూలని తానే నమ్మసాగాడు.

వేసవి మొదట్లో ఒకరోజు కిరణ్ వచ్చాడు. వాళ్ల నాయన పుల్లన్న శనక్కాయ పండించి, వానల్లేక విసిగి, పొలంలో సగం అమ్మి ఊరి చివర జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ పెట్టాడు. ఇప్పుడు దాన్ని నడిపేది కిరణే. చిన్నప్పుడు ఈ బల్లల మీదే కూర్చొని తోకలు తగిలించినవాడు. ఇప్పటికీ చెప్పులు బయట విడిచే లోపలికి వస్తాడు.

“సార్, ఒక తలనొప్పి వచ్చిండాది. మా ప్యాంట్లు కొనే ఫారిన్ కంపెనీ నుంచి ఒక మేడమ్ వస్తాందంట. ప్యాంట్లు కాదంట చూసేది, మనుషుల్నంట. పనోళ్లను ఎట్ల చూసుకుంటాండామో వాళ్లనే అడుగుతాదంట. మమ్మల్ని పక్కన ఉండనీదు.”

“తెలుగులో అడుగుతాదా?”

“ఆమెకేం తెలుగొస్తాది సార్! బెంగళూరు నుంచి తెలుగొచ్చే ఒక మనిషిని తెచ్చుకుంటానన్నాది. వాడొస్తే మావోళ్లు నోరు తెరుస్తారు, తెరిస్తే ఇంటి సంగతులన్నీ వస్తాయి. అందుకని నేనొక మాట రాసి పంపించినా. మా లైన్ సూపర్‌వైజర్లకు ఇంగ్లీష్ బాగా వస్తాది, మధ్యలో ఎవురూ అక్కరలేదు అని.”

నరేంద్రకు అర్థమైంది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే నేర్పినంతే మాట్లాడతారు. నేర్పేది ఎవరో కూడా అర్థమైంది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ యూనిట్‌లో క్లాసు. రేకుల షెడ్డు. తల పైన కొలిమి పెట్టినట్టుండేది. నలుగురైదుగురు సూపర్‌వైజర్లు కూర్చునేవాళ్లు. వాళ్లలో చురుకైనది సువార్త. పదో తరగతి వరకు చదివింది, చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. పక్కనే దారాలు కత్తిరించే మారెక్క, సూపర్‌వైజర్ కాకపోయినా, ఊరికే వింటూ కూర్చునేది.

కిరణ్ జవాబులు తెలుగులో చెప్పాడు, నరేంద్ర ఇంగ్లీషు చేశాడు. మొదటి జవాబు నీళ్ల గురించి. ‘మేము పని మధ్యలో ఆగి నీళ్లు తాగుతాం.’ ఆగడమంటే స్టాప్. స్టాప్ వెనక తోక. “వీ స్టాప్ డ్రింకింగ్ వాటర్” అని బోర్డు మీద రాశాడు. రెండోది నిప్పంటుకుంటే బయటపడే వెనక తలుపు గురించి. ‘వాచ్‌మన్ తిప్పయ్య రోజూ మర్చిపోకుండా వెనక తలుపు తాళం తీస్తాడు.’ మర్చిపోకుండా ఉండటమంటే రిమెంబర్. “తిప్పయ్య రిమెంబర్స్ ఓపెనింగ్ ద బ్యాక్ డోర్.” సువార్త రెండూ అక్కడికక్కడే అప్పజెప్పింది. కిరణ్ చప్పట్లు కొట్టాడు.

ఆ రెండు జవాబుల్లోనూ నిజం లేదని ఆ షెడ్డులో అందరికీ తెలుసు. ఆడవాళ్లందరికీ కలిపి ఒక్కటే బాత్‌రూమ్. దాని తాళంచెవి ఫ్లోర్ ఇన్‌చార్జ్ జేబులో ఉంటుంది. అడిగినప్పుడల్లా అతను గోడ గడియారం వైపు చూస్తాడు. ఆ చూపు పడలేక వాళ్లు నీళ్లే తగ్గించుకున్నారు. మారెక్క బాటిల్ మూత తీసి, పెదాలు తడుపుకుని, మళ్లీ బిగించి పక్కన పెట్టడం నరేంద్ర రోజూ చూసేవాడు. వెనక తలుపు ముందు గుడ్డ బేళ్లు నడుమెత్తు పేర్చి ఉండటమూ చూశాడు. చూశాడు గాని, అవి తన సబ్జెక్టు కాదనుకున్నాడు.

మేడమ్ వచ్చింది. పొడుగాటి మనిషి, పండిన జుట్టు, మెత్తటి గొంతు. ఎండకు ముఖం కందిపోయినా నవ్వు చెరగనివ్వలేదు. షెడ్డంతా తిరిగి చూసి, కిరణ్ ఆఫీసు గదిలో కూర్చుంది. కిరణ్‌ను మర్యాదగా బయటికి పంపింది. నరేంద్ర వీళ్ల మాస్టారని తెలిసి, ఎక్కడైనా మాట అడ్డం పడితే సాయపడమని అతన్ని మాత్రం ఉండనిచ్చింది. కిటికీ అద్దం అవతల కిరణ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదట సువార్త లోపలికొచ్చింది. కొంగు సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది. పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి పని, అన్నీ చక్కగా చెప్పింది. నరేంద్ర ఛాతీ కొంచెం ఉబ్బింది.

ఇక్కడ చాలా వేడిగా ఉంది గదా, దాహం వేస్తే ఏం చేస్తారు అని మేడమ్ అడిగింది.

“వీ స్టాప్ డ్రింకింగ్ వాటర్, మేడమ్.”

మేడమ్ కలం ఆగింది. “యూ స్టాప్ డ్రింకింగ్?”

“యెస్ మేడమ్. ఎవ్రీ డే. ఆల్ లేడీస్.” తను బాగా చెప్పినందుకే మళ్లీ అడుగుతోందనుకుని సువార్త ఇంకా హుషారైంది. “మార్నింగ్ కమింగ్, స్టాప్ డ్రింకింగ్. నో ప్రాబ్లమ్.”

“ఎవరు చెప్పారు మీకలా చేయమని?”

ఇది నేర్పిన ప్రశ్న కాదు. సువార్త ఒక్క క్షణం ఆలోచించి, యజమాని మంచివాడని చెప్పడానికి ఇదే అదను అనుకుంది. “కిరణ్ సార్, మేడమ్. వెరీ గుడ్ సార్.”

అప్పుడు, ఆ క్షణాన, నరేంద్ర తలలో లావుపాటి పుస్తకం తెరుచుకుంది. ఎడమ పేజీ, కింది భాగం. స్టాప్ వెనక ‘ఇంగ్’ వస్తే ఆ పని మానేయడం. స్టాప్ వెనక ‘టు’ వస్తే ఆ పని కోసం ఆగడం. సువార్త చెప్పాల్సింది ‘స్టాప్ టు డ్రింక్’. ఆమె చెప్పినది, తను నేర్పినది, ‘నీళ్లు తాగడం మానేశాం.’ తెలుగులో అయితే ఆగడం వేరు, మానడం వేరు, పసిపిల్లాడు కూడా కలపడు. ఇంగ్లీషులో ఒకే మాట రెండు పనులూ చేస్తుంది, తేడా అంతా వెనకొచ్చే చిన్న ముక్కలో ఉంటుంది. ఆ ముక్కనే తను కోసి పారేశాడు.

మేడమ్ మెల్లగా వెనక తలుపు సంగతి అడిగింది.

“తిప్పయ్య రిమెంబర్స్ ఓపెనింగ్ ద బ్యాక్ డోర్.”

తలుపు తెరిచిన సంగతి తిప్పయ్యకు జ్ఞాపకం ఉంది. ఆ వాక్యానికి అర్థం అదీ. రోజూ మర్చిపోకుండా తీస్తాడు అనాలంటే ‘రిమెంబర్స్ టు ఓపెన్’ అనాలి. కుడి పేజీ, పై భాగం. నరేంద్ర కళ్లు మూసుకున్నాడు.

“జ్ఞాపకం ఉందా? అంటే ఎప్పుడో తెరిచాడా?” అంది మేడమ్.

“యెస్ మేడమ్,” అంది సువార్త. “హీ ఈజ్ ఓల్డ్ మ్యాన్. గుడ్ మెమొరీ.”

మేడమ్ కాగితం మీద గబగబా రాసుకుని, కలం కింద పెట్టి నరేంద్ర వైపు తిరిగింది. మీరు వీళ్ల మాస్టారు, నేను తప్పుగా అర్థం చేసుకోకూడదు, అందుకని అడుగుతున్నాను అంది. ఈమె నీళ్లు తాగడానికి ఆగుతామంటున్నదా, తాగడం మానేశామంటున్నదా? రెంటికీ చాలా తేడా ఉంది కదా?

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కడే.

కిటికీ అవతల కిరణ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు, బాగా సాగుతోందా అని. సువార్త మాస్టారి ముఖంలోకి చూస్తోంది, మార్కుల కోసం చూసినట్టు. నరేంద్ర లోపల లెక్క వేసుకున్నాడు. పొరపాటైంది మేడమ్, ఆగి తాగుతామని ఆమె ఉద్దేశం అంటే సరిపోతుంది. కిరణ్ గట్టెక్కుతాడు. కాని ఆ మరుక్షణం మేడమ్ అడుగుతుంది, మరి ఎందుకలా అంది అని. నేను నేర్పింది తప్పు అని చెప్పాలి. ఇంగ్లీష్ పుట్టింటి మనిషి ముందు, తన శిష్యురాలు వింటుండగా, బల్లలు చరిచి ఇన్నేళ్లు చెప్పిన రూలు తప్పని తన నోటితో అనాలి.

గొంతు సవరించుకున్నాడు. “షి స్పోక్ కరెక్ట్ ఇంగ్లీష్, మేడమ్. ఐ టాట్ హర్.”

ఆమె సరైన ఇంగ్లీషే మాట్లాడింది, నేర్పింది నేనే. తన పరువు కాపాడుకోవడానికి అన్న మాట అది. అందులో కార్మికుల మీద దయ గాని, కిరణ్ మీద కోపం గాని ఆవగింజంత కూడా లేవు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

“థాంక్యూ,” అంది మేడమ్, ఏదో పెద్ద త్యాగం చేసిన మనిషితో అన్నట్టు. లేచి నిలబడింది. “షల్ వీ ట్రై ఓపెనింగ్ దట్ డోర్?”

ట్రై వెనక తోక. తెరిచి చూద్దామా, ఏమవుతుందో? ఆమెకు తెరవడం ఒక లెక్కలోది కాదు. తెరిస్తే ఏం కనిపిస్తుందో అదే కావాలి. ఇక్కడ తోక సరిగ్గానే ఉందని నరేంద్ర గమనించాడు, ఆ సమయంలో అది ఎవరికీ అక్కరకొచ్చేది కాకపోయినా.

బేళ్లు తీయించడానికే చాలాసేపు పట్టింది. వాటి వెనక తలుపుకు సాలెగూళ్లు, తాళానికి తుప్పు. తిప్పయ్యను పిలిపించారు. తాళంచెవుల గుత్తిలో ఒక్కొక్కటే పెట్టి చూశాడు, ఏదీ తిరగలేదు.

“ఎప్పుడు తీసినావు తిప్పయ్యా దీన్ని?” అని కిరణ్ పళ్లు బిగించి అడిగాడు, రోజూ తీస్తాను అంటాడని.

“నాకు బాగా గుర్తుండాది సామీ,” అన్నాడు తిప్పయ్య తృప్తిగా. “పెద్దాయన టెంకాయ కొట్టి షెడ్డు మొదలుపెట్టిన రోజు తీసినా. మళ్లా తాళం నువ్వేసినావు.”

మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పమని నరేంద్రనే అడిగారు. చెప్పాడు. “హి రిమెంబర్స్ ఓపెనింగ్ ఇట్.” ఈసారి వాక్యంలో ఎక్కడా తప్పు లేదు.

కిరణ్ తనే వచ్చి తాళం పట్టుకుని గుంజాడు. ఇద్దరు మగవాళ్లు భుజాలు పెట్టి తోశారు. తలుపు కదల్లేదు. మేడమ్ అడిగింది ‘ట్రై ఓపెనింగ్’. జరిగింది ‘ట్రైడ్ టు ఓపెన్’. తెరవడానికి తంటాలు పడ్డారు, తెరుచుకోలేదు. మూడో క్రియ కూడా తన కళ్ల ముందే అర్థం మార్చుకోవడం నరేంద్ర చూశాడు. బీఎడ్ కాలేజీలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

మేడమ్ వెళ్లాక కిరణ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి చెప్పులేసుకునే మాట్లాడాడు.

“ఏమి సార్, లోపల ఏం చెప్పినావు?”

“సువార్త మాట్లాడింది సరైన ఇంగ్లీషే అన్నా.”

“సరైనదే గదా! మరి మేడమ్‌కు కోపమెందుకొచ్చింది?”

నరేంద్ర బోర్డు తుడవసాగాడు. కిరణ్‌కు కూడా స్టాప్ వెనక తోకే తెలుసు. నేర్పినవాడు తనే. క్లాసు ఆ రోజుతో ఆగిపోయింది.

కంపెనీ ఆర్డరు రద్దు చేయలేదు. గడువు ఇచ్చింది. తలుపు మార్చాలి, బేళ్లు తీయాలి, ఆడవాళ్లకు ఇంకో రెండు బాత్‌రూమ్‌లు కట్టాలి, ఏ బాత్‌రూమ్‌కూ తాళం ఉండకూడదు, ప్రతి లైను పక్కన చల్లని నీళ్ల మిషన్ పెట్టాలి. కిరణ్ తిట్టుకుంటూ అన్నీ చేశాడు.

రాయదుర్గంలో మాట వేరేగా పాకింది. నరేంద్ర సార్ ఫారినామె ముందు నిలబడి, ఓనర్ కిటికీలో చూస్తాండంగానే, ఆడోళ్లు నీళ్లు తాగలేక చస్తాండారని చెప్పినాడంట. బస్టాండులో పూలమ్మే ఆమె దండం పెట్టింది. హోటల్లో పక్క యూనిట్ టైలర్లు టీ తాగించారు. ఒకాయన ఇంటికొచ్చి, “అన్నా, మా యూనిట్‌లోనూ ఇంగ్లీష్ చెప్పు” అని బతిమాలాడు. నరేంద్ర మొదట రెండు రోజులు కాదు కాదన్నాడు. మూడో రోజు నుంచి తల వంచుకుని నవ్వేవాడు. వినయం అనుకున్నారు. ఆ నవ్వు అతనికి బాగానే కుదిరింది.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక సువార్త మెట్లెక్కి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

“సార్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి. మీరు నేర్పిచ్చిందే చెప్పినా గదా? పని నిలిపి నీళ్లు తాగుతామనే గదా నేను చెప్పింది? ఆయమ్మకు వేరేగా యెట్ల అర్థమయ్యా? కిరణ్ సార్ నన్ను చూస్తే మొగం తిప్పుకుంటాండాడు. నేను ఆయన మీద చాడీ చెప్పల్యా సార్.”

వీధిలో దండాలు తీసుకోవడం తేలిక. ఇది తేలిక కాలేదు. నరేంద్ర సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు వాక్యాలు రాశాడు. ఒకటి ‘ఇంగ్’తో, ఒకటి ‘టు’తో.

“ఇది, తాగడం మానేస్తాం. ఇది, తాగేదానికి నిలుపుతాం. నేను నీకు మొదటిది నేర్పినా. రెండోది నేర్పాల్సింది. తప్పు నీది కాదమ్మా, నాది.”

సువార్త బోర్డు వంక చాలాసేపు చూసింది. “అంటే, తాగడం మానేసినాం అని చెప్పినానా నేను?”

“ఆ.”

“అది నిజమే గదా సార్.”

“నిజమే.”

ఆమె కుర్చీలో కూలబడింది. “పొద్దున లేచి ప్రార్థన చేసుకోని పోయినా సార్. తండ్రీ, పిల్లోళ్ల కోసం ఈ పొద్దు అబద్ధం చెప్తాండా, క్షమించు అని. కష్టపడి నేర్చుకోని, మొగం మీద నవ్వు పెట్టుకోని చెప్పిన అబద్ధం...” మాట పూర్తికాక ముందే ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరేంద్ర కూడా నవ్వాడు, కాని అతని నవ్వు తొందరగా అయిపోయింది.

“కిరణ్‌కు నేను చెప్తాలే, నీ తప్పు లేదని.”

“వద్దు సార్!” సువార్త చప్పున లేచింది. “షెడ్డులో అందరూ నన్ను ధైర్యమున్న మనిషి అంటాండారు. ఇన్‌చార్జ్ కూడా ఇప్పుడు నన్ను చూసి గట్టిగా మాట్లాడడు. పొరపాటున వచ్చిన మాట అని తెలిస్తే తాళంచెవి మళ్లా వాని జేబులోకే పోతాది. ఉండనీండి సార్. మీరూ ఉండనీండి.”

మెట్లు దిగబోతూ ఆగి, “ఆ రెండోది ఇంకోసారి చెప్పండి” అంది. ‘స్టాప్ టు డ్రింక్’ అని నాలుగైదుసార్లు అనుకుంటూ వెళ్లింది.

వానాకాలం మొదలవ్వాల్సిన రోజుల్లో కిరణ్ మళ్లీ వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. చేతిలో మిఠాయి పొట్లం. పనివాళ్లు భయం లేకుండా మాట్లాడే యూనిట్ అని మేడమ్ పై అధికారులకు రాసిందట. కంపెనీవాళ్లు ఇంకో లైనుకు సరిపడా పని ఇచ్చారట.

“సార్, ఆమె మళ్లా వస్తాంది. ఈసారి అన్నీ పెట్టినా, దాచేదేం లేదు. ఉన్నదున్నట్టు చెప్పనీకి నేర్పితే చాలు.”

నరేంద్ర మిఠాయి తినకుండానే రెండు రూళ్లూ చెప్పాడు. తోకతో ఏమవుతుందో, టుతో ఏమవుతుందో. కిరణ్ నోరు తెరుచుకుని విన్నాడు. కిటికీ బయట నిలబడిన మధ్యాహ్నం అతని కళ్లలో మెదిలినట్టుంది.

“ఇంత చిన్న ముక్క మాకు అప్పుడే చెప్పింటే ఏమి సార్?”

“బిట్లలో రాదని చెప్పల్యా.”

కిరణ్ మిఠాయి పొట్లాన్ని నరేంద్ర ముందుకు జరిపాడు. తర్వాత లేచి, రేపటి నుంచి రమ్మన్నాడు.

షెడ్డులో మళ్లీ క్లాసు. మిషన్ల పక్కన తెల్లగా మెరుస్తున్న నీళ్ల మిషన్, వెనక కొత్త తలుపు బార్లా తెరిచి ఉంది. నరేంద్ర ఈసారి పొట్టి రూలు చెప్పలేదు. రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి, తేడా ఒక్కొక్కరి చేత చెప్పించాడు. ఆలస్యమైంది, కాని ఎవరూ విసుక్కోలేదు. సువార్త అందరికంటే ముందు చెప్పింది. ‘వీ స్టాప్ టు డ్రింక్ వాటర్.’ అంతా చప్పట్లు కొట్టారు.

మారెక్క మాత్రం బాటిల్ పట్టుకుని నీళ్ల మిషన్ దగ్గర నిలబడి ఉంది. కొళాయి తిప్పింది. గాలి బుస్సుమంది. చుక్క రాలేదు.

“సార్, మీరు చెప్పింది బాగుండాది,” అంది. “తాగేది మానేస్తే ఒకటి, నిలిపి తాగితే ఒకటి. మరి నిన్నటి నుంచి బోర్లో నీళ్లే వచ్చేది నిలిచిపోయినాయి. ఇది ఫారినామెకు యెట్ల చెప్పల్ల?”

నరేంద్ర సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. “వాటర్ స్టాప్డ్ కమింగ్,” అని రాశాడు. ‘ఇంగ్’ కింద గీత గీశాడు.

“ఇక్కడ టు రాదా సార్?” అని సువార్త అడిగింది.

“రాదమ్మా. ఇక్కడ తోకే.”

కిరణ్ ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తూ బయటికి నడిచాడు.